వాకిలి దాటని దాదా

ఈ సంగతి నేను చాలా ఏళ్ళ కిందటే రాసి ఉండాల్సింది. రాయలేదంటే నాకు రాయడం రాదు కాబట్టి. ఖురాను చదవడానికి అరబీ అక్షరాలు చిన్నప్పుడే నేర్పారు. అర్థం తెలియకపోయినా తప్పు లేకుండా చదివేదాన్ని. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళం కానీ రెండింటిలో దేన్నీ రాయడం రాదు. నన్ను ఉదయగిరి బడిలో వేయాలని అనుకున్న ఏడాదే మా ఇల్లు పోయింది. ఇల్లు పోయిన ఇంట్లో ఆడపిల్ల బడి సంగతి ఎవరెత్తుతారు? తర్వాత ఆత్మకూరులో కుట్టుమిషను తొక్కుతూ బతికాను. ఎవరి జాకెట్టు కొలత ఎంతో గుడ్డ మూలకు దారంతో ముళ్ళు వేసి గుర్తు పెట్టుకునేదాన్ని. నా తల నెరిసిన తర్వాత నా కోడలు షమీమ్ నాకు అ ఆలు దిద్దించింది. అది ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చెప్పే టీచరు. సాయంత్రం వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, "అత్తమ్మా, ఈ కొమ్ము కిందికి దిగాల, పైకి కాదు" అని నా చెయ్యి పట్టి దిద్దించేది. నా వేళ్ళకు సూది అలవాటు. పెన్ను పట్టుకుంటే జారిపోయేది.

అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. అప్పటికి మా చిచ్చా, అంటే మా నాయన తమ్ముడు, బతికే ఉన్నాడు. ఆయన ఉండగా రాస్తే ఆయన్ని దొంగని చేసినట్టు అవుతుంది. ఆయన దొంగ కాదు. ఈమధ్యనే పోయాడు. ఉదయగిరికి పోయి ఆయన ముఖం చూసి వచ్చాను. ఆ ఇల్లు కూడా చూశాను. బయటి నుంచే చూశాను.

అక్కడి నుంచి వచ్చిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నా మనవరాలు సనా కాలేజీ నుంచి వచ్చి సంచీ మంచం మీద పడేసింది. సనా నా పెద్దకొడుకు గౌస్ కూతురు. గౌస్ విషజ్వరంతో పోయాడు. అప్పటినుంచి షమీమ్, సనా నాతోనే ఉన్నారు. ఈ ఆత్మకూరు ఇల్లు నేను మిషను మీద సంపాదించి కట్టుకున్నది, అప్పటికి నా పేరు మీదే ఉండేది. చిన్నకొడుకు ఖలీల్ మెకానిక్. వాడి షెడ్డు స్థలం నేనే కొనిచ్చాను. వాడి ఇల్లు వాడికి ఊరికి ఆ చివర ఉంది.

"చీటీ తీస్తే నాకు అనుకూలం వచ్చింది దాదీ," అంది సనా. కాలేజీలో వాదన పోటీ అట. ముందు వ్యాసం రాసి ఇవ్వాలి, తర్వాత వేదిక మీద మాట్లాడాలి. "ఉమ్మడి పౌరస్మృతి కావాలని నేను మాట్లాడాల. వద్దని వచ్చుంటే కళ్ళు మూసుకుని మాట్లాడేదాన్ని."

"మాట్లాడితే ఏమైతాది?"

"ఒక గుంపు లేచి చప్పట్లు కొడతాది, తురక పిల్లే కావాలంటుండాదని. మనోళ్ళు మొహం తిప్పుకుంటారు. నాకు రెండూ వద్దు."

రమణమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఉదయగిరిలో మా పక్కింటి పిల్ల, గొర్రెల కాపరుల ఇంటి ఆడబిడ్డ. ఇప్పుడు ఆత్మకూరులో కూతురి దగ్గర ఉంటోంది. జాకెట్టు వదులు చేయించుకోవాలనే వంక పెట్టుకుని రోజూ వస్తుంది.

"ఏంది పాపా ఆ స్మృతి?" అంది.

"పెళ్ళికీ, విడాకులకీ, దత్తతకీ, ఆస్తి పంపకానికీ ఇప్పుడు ఎవరి మతం చట్టం వాళ్ళది అవ్వా. హిందువులకి ఒకటి, మాకొకటి, కిరస్తానోళ్ళకి ఒకటి. అట్లా కాకుండా అందరికీ ఒకటే ఉండాలని. రాజ్యాంగంలో నలభై నాలుగో అధికరణలో రాసుండాది, ప్రభుత్వం అందుకు ప్రయత్నం చెయ్యాలని. అయితే అది ఆదేశిక సూత్రం. చెయ్యలేదని కోర్టుకి పోయేదానికి లేదు. ఇంకో పక్క ఇరవై అయిదో అధికరణ, ఎవరి మతం వాళ్ళు పాటించుకోవచ్చని."

"మాకుండాదే చట్టం," అంది రమణమ్మ. "ఆడబిడ్డకీ మగబిడ్డకీ సమానం. మన రాష్ట్రంలో ముందుగానే తెచ్చినారంట, దేశమంతా ఆనక వచ్చినాదంట. మా నాయన పోయినాక మా అన్నదమ్ములు నన్ను కారెక్కించి రిజిస్ట్రారాఫీసుకి తీస్కపోయినారు. పుట్టి బుద్ధెరిగినాక నన్ను కారెక్కించింది ఆ పొద్దే. హక్కు వదులుకున్నానని వేలిముద్ర ఏసినాను. చీర పెట్టినారు. దాని రంగు ఒక్క ఉతుక్కే పోయినాది."

"ఎందుకు వేసినావవ్వా? సమానం హక్కు ఉండాది గదా?"

"ఎయ్యకపోతే పుట్టింటి గడప తొక్కనిస్తారా? వాటా తీసుకున్న ఆడబిడ్డకి అన్నం పెట్టే వదిన యాడన్నా ఉండాదేమో నువ్వు చెప్పు, పోయి చూసొస్తాను."

సనా నవ్వి, తను రాసుకున్నది చదవడం మొదలుపెట్టింది. హిందువుల చట్టం తెచ్చినప్పుడు కూడా మతం మంటగలిసిపోతుందని గొడవలు జరిగాయట. ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పి పంపడాన్ని ఇప్పుడు చట్టం ఆపిందట. గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం వర్తించదట. ఉత్తరాదిన ఒక రాష్ట్రం అందరికీ ఒకటే అని చట్టం చేసుకుని, అందులో కూడా గిరిజనులను పక్కన పెట్టిందట. చదువుతూ చదువుతూ ఒక చోటికి వచ్చింది. "ముస్లిం చట్టంలో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది. తాత కన్నా ముందే తండ్రి చనిపోతే, తాతకు ఇంకో కొడుకు ఉన్నప్పుడు, చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో ఏమీ..."

అక్కడ ఆగిపోయింది. ఆస్తి తాతదైనా నానమ్మదైనా లెక్క ఒకటే, నాకు ఖలీల్ ఉన్నాడు. వంటింట్లో షమీమ్ రొట్టెల కర్ర చప్పుడు కూడా ఆగింది. రమణమ్మ జాకెట్టు మడత పెట్టుకుని, పొద్దుపోయిందని లేచి వెళ్ళింది. సనా కాగితం వైపే చూస్తోంది. నన్ను ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టే నేను ఉదయగిరి ఇంటి సంగతి చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది దాన్నే.

ఉదయగిరిలో మా ఇల్లు కొండకు ఎదురుగా ఉండేది. వానాకాలం పొద్దున్నే లేస్తే కొండ కనపడేది కాదు, తెల్లగా మబ్బు దిగి ఉండేది. మధ్యాహ్నానికి మళ్ళీ రాళ్ళన్నీ కాలి ఇంట్లోకి సెగ కొట్టేది. మా దాదా, అంటే మా నాయన నాయన, కొయ్య చెంచాలు చెక్కేవాడు. కొండ నుంచి తెచ్చిన మెత్తటి కర్రను నీళ్ళలో నానేసి, చీల్చి, బాడిసెతో రూపు తెచ్చి, చిన్న ఆకురాయితో నున్నగా తోమేవాడు. పచ్చి కర్ర వాసన, పక్కింటి రమణమ్మ వాళ్ళ గొర్రెల దొడ్డి వాసన, మా అమ్మ పొయ్యి మీద పులుసులో వేసే చింతపండు వాసన, మూడూ కలిస్తే అదే నా చిన్నతనం. చెక్కిన ప్రతి చెంచానూ దాదా కింది పెదవికి ఆనించి చూసేవాడు. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుందనేవాడు. టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. ఇంటి తాళంచెవి మొలతాడుకు కట్టి ఉండేది. నమాజుకు వంగినప్పుడు అది చిన్నగా చప్పుడు చేసేది, నేను నవ్వేదాన్ని.

దాదాకు ఇద్దరు కొడుకులు, ఆడపిల్లలు లేరు. దాదీ నేను పుట్టకముందే పోయింది. పెద్దవాడు మా నాయన. ఆయన కర్ర కోసం కొండెక్కి కాలు జారి పడ్డాడు. మంచాన పడి నాలుగు నెలలు కూడా నిండకుండానే పోయాడు. నేనొక్కదాన్నే బిడ్డను. నాయన ముఖం నాకు గుర్తులేదు గానీ, ఆయన పోయాక దాదా మమ్మల్ని ఎ.ఎస్. పేట దర్గాకు తీసుకుపోవడం గుర్తుంది. దర్గాలో అందరూ దణ్ణాలు పెట్టుకుంటుంటే దాదా ఒక గోడకు ఆనుకుని కూర్చుని లేవలేదు. తిరిగి వచ్చే బస్సులో మా అమ్మతో అన్నాడు, "నేను పోతే నీకు ఏం రాదమ్మా. మన లెక్కలో కొడుకు ముందుండగా మనవరాలు లెక్కలోకి రాదు. నేనుండంగానే ఏదో ఒకటి చెయ్యాల."

చేయడానికి దారులున్నాయి. వారసులు కాని వాళ్ళకు మూడో వంతు దాకా వీలునామా రాయవచ్చు. అంతకు మించి ఇవ్వాలంటే బతికుండగానే ఇచ్చేయాలి. దాన్ని హిబా అంటారు. హిబాకు కాగితం కూడా అక్కర్లేదు. ఇస్తున్నానని ఇచ్చేవాళ్ళు చెప్పాలి, తీసుకున్నానని తీసుకునేవాళ్ళు ఒప్పుకోవాలి, వస్తువు చేతికి అప్పగించాలి. మూడూ జరిగితేనే చెల్లుతుంది. దాదా ఇంటిని రెండుగా గీత గీశాడు. పడమటి వైపు రెండు గదులూ వంటిల్లూ, వీధిలో సోడాల అంగడికి బాడుగకిచ్చిన ముందు గదితో సహా, మా అమ్మకు అన్నాడు. తూర్పు వైపు చిచ్చాకు. మసీదులో నమాజు చేయించే హజ్రత్‌నూ, వీధిలో నలుగురినీ పిలిపించాడు. నేను మా అమ్మ ఒళ్ళో కూర్చుని పరదా సందులోంచి చూస్తున్నాను. చిచ్చా కూడా అక్కడే ఉన్నాడు. అందరికీ చెంబులతో నీళ్ళు ఆయనే అందించాడు.

దాదా చెప్పాడు. పరదా వెనక నుంచి మా అమ్మ ఒప్పుకుంది. అప్పుడు హజ్రత్ అన్నాడు, "పెద్దాయనా, ఇంతటితో కాలేదు. నువ్వు ఉండేది ఆ పడమటి గదిలోనే. నీ పరుపూ, పెట్టె తీసుకుని తూర్పు వైపుకు పో. తాళంచెవి కోడలి చేతికియ్యి. అంగడి బాడుగ ఇక ఆమె తీసుకోవాల. ఒక్క పూటన్నా ఇల్లొదిలి బయటికి పోయి, ఆమె పిలిస్తే అప్పుడు రా."

దాదా లేచాడు. నిజంగానే లేచి పరుపు చుట్టబోయాడు. మా అమ్మ పరదా వెనక నుంచి ఏడుపు గొంతుతో అంది, "వద్దు హజ్రత్. మామని ఆయన ఇంట్లోంచి నేను బయటికి పంపేది యాడన్నా ఉండాదా? పెనిమిటి పోయినాక ముసలాయన్ని గెంటేసింది అంటారు. తాళంచెవి ఆయన దగ్గరే ఉండనీ. బాడుగ ఆయనే తీసుకోనీ. ఇచ్చినానన్నాడు, అది చాలు నాకు."

వచ్చిన వాళ్ళంతా మా అమ్మను మెచ్చుకున్నారు. ఇట్లాంటి కోడలు ఎవరికి దొరుకుతుందన్నారు. దాదా పరుపు మళ్ళీ పరుచుకున్నాడు. ఆ పొద్దు మా ఇంట్లో సేమ్యా పాయసం చేశారు.

ఆ తర్వాత రెండు రంజాన్‌లు గడిచాయేమో. దాదా ఎప్పటి లాగే తాళం వేసుకునేవాడు, తీసుకునేవాడు. సోడాల అంగడివాడు బాడుగ తెచ్చి దాదా చేతికే ఇచ్చేవాడు. దాదా అందులోంచి నాకు ఒక సోడా ఇప్పించేవాడు. గోళీ లోపలికి నొక్కితే వచ్చే చప్పుడంటే నాకు భయం. చెవులు మూసుకుని తాగేదాన్ని. ఇంటి పన్ను దాదా పేరు మీదే కట్టేవాళ్ళు. ఎవరికీ ఇందులో తప్పు కనపడలేదు. దాదా చెంచా చెక్కుతూ చెక్కుతూ ఒక మధ్యాహ్నం పక్కకు ఒరిగిపోయాడు.

దాదా పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక మసీదు జమాతు పెద్దలు కూర్చున్నారు. ఆ పొద్దు సాక్షులుగా ఉన్నవాళ్ళంతా వచ్చారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఇచ్చానని చెప్పడం నిజం, ఒప్పుకోవడం నిజం, అప్పగించకపోవడం కూడా నిజం. బాడుగ ఎవరు తీసుకున్నారని అడిగితే సోడాల అంగడివాడు తల దించుకుని, "పెద్దాయనే" అన్నాడు. హజ్రత్ పరదా వైపు తిరిగాడు. "నేను ఆ పొద్దే చెప్పినాను తల్లీ," అన్నాడు. హిబా పూర్తి కాలేదు. కాబట్టి ఇల్లంతా దాదాదే. దాదాది కాబట్టి అంతా మిగిలిన కొడుకుకే.

చిచ్చా ఎగతాళి చేయలేదు, అరవలేదు. "ఇది నేను తీసుకుంటుండేది కాదు వదినా, అల్లా ఇస్తుండేది," అన్నాడు. "నువ్వూ బిడ్డా వెనక గదిలో ఉండండి. మిమ్మల్ని పొమ్మనేది ఎవరు?" మా అమ్మ వెనక గదిలో కొన్నాళ్ళు ఉంది. తన వంటింట్లో తాను అగ్గిపెట్టె అడిగి తీసుకోవాల్సి వచ్చింది. ఒకరోజు నేను సోడా కావాలని ఏడ్చాను. చిచ్చా కొనిచ్చాడు. ఆ రాత్రే మా అమ్మ మూట కట్టింది. పొద్దున బస్సుకు ఆత్మకూరు వచ్చేశాం. బస్సు కదులుతుంటే రమణమ్మ, అప్పటికి నా అంతే ఉండేది, గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని పక్కన పరిగెత్తింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆత్మకూరు కోర్టు దగ్గర ఒక వకీలు భార్యకు జాకెట్లు కుడుతూ ఆ వకీలును అడిగాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే ఇచ్చినాయన బయటికి పోనక్కర్లేదని తీర్పులున్నాయి అన్నాడు. "కానీ బాడుగ ఆయనే తీసుకున్నాడే, అక్కడ ఇబ్బంది," అన్నాడు. మా అమ్మ అప్పటికి లేదు. ఉన్నా మరిది మీద కోర్టుకు పోయేది కాదు. చివరి దాకా ఆమె ఒకటే మాట అనేది: "ఆ పొద్దు నేను మర్యాద చూసినాను. చట్టం మర్యాదను లెక్కలోకి తీసుకోదు."

ఇదంతా విని సనా, "అయితే నేను మనసారా రాస్తాను దాదీ. ఒకే చట్టం ఉండుంటే మీ నాయన వాటా మీకొచ్చేది. హిందువుల్లో అయితే చనిపోయిన కొడుకు పెండ్లానికీ బిడ్డలకీ వస్తాది," అంది.

"రాయి," అన్నాను. "నా మాట కూడా రాయి. రమణమ్మకు వచ్చినాదా? ఆమె నాయన కావాలనుకుంటే తన సొంత ఆస్తంతా కొడుకుల పేరుతో వీలునామా రాసి పోవచ్చు, ఎవరూ అడిగేదానికి లేదు. మనలో మూడో వంతు దాటి ఎవరికీ రాసేదానికి లేదు, అందుకని కూతురి సగాన్ని తండ్రి కూడా వీలునామాతో తుడిచెయ్యలేడు. ఒకటే చట్టం అంటే ఎవరిలోని మంచిది ఉంచుతారు, ఎవరిలోని చెడ్డది తీసేస్తారు? మమ్మల్నడిగి రాస్తారా, మామీద రాస్తారా? అది తెలియకుండా నేను కావాలనీ అనలేను, వద్దనీ అనలేను. ఇల్లు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి మార్చొద్దని మాత్రం అనను."

"ఇట్లా రాస్తే మార్కులు రావు దాదీ. ఒక పక్కనే ఉండాల."

"చీటీ తీసింది నువ్వు, నేను కాదు గదా."

సనా నవ్వింది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. షమీమ్ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అది ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నన్ను ఏదీ అడగలేదు. మా అమ్మ కూడా అట్లాగే ఏదీ అడిగేది కాదు.

చీకటి పడకముందే ఖలీల్‌ను పిలిపించాను. చేతులకు గ్రీసుతోనే వచ్చాడు. ఈ ఇల్లు సనాకు ఇచ్చేస్తున్నానని చెప్పాను. వాడు తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"నామీద నమ్మకం లేదామ్మా? మీరు పోయినాక నేను వాళ్ళని వీధిలో పెడతానా?"

"నీమీద నమ్మకం ఉండాది నాయనా. మా దాదాకి కూడా తన కొడుకు మీద ఉండేది."

"మతం నాకు రాసిన వాటాని మీరు తీసేస్తుండారు."

"బతికుండంగా ఇయ్యమన్నదీ ఆ మతమే. నీకు షెడ్డు స్థలం ఇచ్చినాను. నేను పోయినాక వచ్చేది నీది. నేనుండంగా ఇది నాది."

 కోపం కన్నా అవమానం ఎక్కువగా కనపడింది వాడి మొహంలో. నాకు జాలేసింది. చిచ్చా ముఖం కూడా ఆ నలభయ్యో రోజు ఇట్లాగే ఉండి ఉంటుందా అనిపించింది. చివరకు, "రేపు పొద్దున ఆటో తెస్తాను. మీ సామాను ఎత్తుకోవాల గదా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇక్కడి మసీదు హజ్రత్‌నూ, ఎదురింటి వాళ్ళనూ పిలిచాను. రిజిస్ట్రేషను తర్వాత చేయించాం గానీ, అసలు పని ఆ పొద్దే అయింది. ఇల్లంతా సనాకు ఇచ్చానన్నాను. తీసుకున్నానని సనా అంది, రెండోసారి గట్టిగా అనిపించాను. తాళాలు ఇచ్చాను. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు ఇచ్చి పేరు మార్చుకోమన్నాను. నా బట్టల పెట్టె, మిషను తన ఇంటికని ఖలీల్ ఆటోలో పెట్టాడు. షమీమ్ నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, మీ ఇంట్లోంచి మీరు పోయేదేంది? నన్ను చూసి ఊర్లో ఏమంటారు? మీరిక్కడే ఉండండి," అంది. అచ్చం మా అమ్మ గొంతే.

"నువ్వు ఆపితే ఇది చెల్లదు," అన్నాను. చెయ్యి విడిపించుకుని వాకిలి దాటి వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఎదురింటి వాళ్ళు చూస్తూ ఉన్నారు. ఆ ఇంటి గోడలకు సున్నం కూడా నేనే దగ్గరుండి కొట్టించాను. వీధిలోంచి చూస్తే వేరే వాళ్ళ ఇల్లు లాగానే ఉంది. కాసేపటికి సనా గడప దగ్గరికి వచ్చింది. 

"దాదీ, లోపలికి రండి. టీ తాగి పోదురు."

వెళ్ళాను. కుర్చీ వేస్తే కూర్చున్నాను. టీ తాగి, అలవాటు కొద్దీ గ్లాసు కడగడానికి లేచాను. షమీమ్ నా చేతిలోంచి గ్లాసు తీసుకుంది. చుట్టం కదా అని నేనూ ఇచ్చేశాను.